డొక్కలో పోటు: నాలుగు రౌండ్ల ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఏమిటి

మా మేనల్లుడు ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్నాడు. మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. మా తెనాలి గ్రౌండ్‌లో సున్నంతో గీసుకున్న ట్రాక్ 400 మీటర్లు. అంటే నాలుగు రౌండ్లు, రౌండుకి రెండు నిమిషాలు. వాడి కాళ్ళకి, ఊపిరికి ఇది మరీ కష్టమైన పని కాదు. చిక్కంతా మూడో రౌండులో, కుడి డొక్కలో ఉంది. అక్కడ పోటు మొదలవుతుంది, వాడు చెయ్యి పెట్టుకుని నడకలోకి దిగుతాడు, నడిచిన రెండు మూడు నిమిషాలకి నొప్పి పోతుంది. అప్పటికి టైమ్ కూడా పోతుంది.

నేను హైస్కూల్లో పీఈటీని. పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చే కుర్రాళ్ళలో ఈ పోటు సగం మందికైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అందరూ చెప్పే వైద్యాలు వేరు: ఒకడు ముక్కుతోనే పీల్చమంటాడు, ఒకడు బెల్టు బిగించమంటాడు, ఇంకొకడు పిడికిట్లో రాయి పట్టుకోమంటాడు. వీటిలో ఏది పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో ఒక్క మనిషి మీదైనా పద్ధతిగా చూద్దామని ఈ నోట్‌బుక్ తెరిచాను. ఒక్కడి మీద తేలింది అందరికీ వర్తించదని తెలుసు. కానీ నాకు కావలసింది కూడా ఆ ఒక్కడి సంగతే.

నోట్‌బుక్‌లో గీసుకున్న గడులు ఇవి: ఆఖరిసారి తిన్నది ఏమిటి, ఎన్ని గంటల ముందు; తాగింది ఏమిటి, ఎంత; పోటు ఏ రౌండులో మొదలైంది; ఎక్కడ; పదికి ఎంత; భుజంలో ఏమైనా ఉందా; ఏం చేస్తే తగ్గింది. భుజం గడి చూసి మావాడు నవ్వాడు. "పొట్ట నొప్పికి భుజమేంటి మామా?" అన్నాడు. దాని సంగతి కిందకి వస్తుంది.

ముందు చూసుకోవలసింది

పరీక్షలు మొదలుపెట్టే ముందు ఇది మామూలు పోటే అని నమ్మకం కుదరాలి. వాడికి పరుగులో తప్ప ఇంకెప్పుడూ నొప్పి రాదు. ఆగాక పొట్ట మెత్తగానే ఉంటుంది. జ్వరం, వాంతులు, మూత్రంలో మంట, రక్తం ఏమీ లేవు. ఎక్కడ అని అడిగితే చూపుడు వేలితో కుడి పక్కటెముకల కింద ఒక్క చోట పొడిచి చూపించాడు. "ఇక్కడే మామా, పొడిచేస్తోంది. ఊపిరి లోపలికి తీస్తే ఇంకా ఎక్కువ." ఆ వయసులో, ఆ తీరులో వచ్చే నొప్పికి భయపడక్కర్లేదు.

అదే వారం ఇంకో సంగతి జరిగింది కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. గ్రౌండ్‌లో రోజూ చురుగ్గా నడిచే ఒకాయన, యాభై దాటిన మనిషి, మా మాటలు విని దగ్గరికొచ్చారు. "నాకూ అంతేనండి, స్పీడు పెంచితే వస్తుంది, ఆగితే పోతుంది, గ్యాస్ అనుకుంటున్నా" అన్నారు. ఎక్కడండీ అంటే వేలు పెట్టలేదు. అరచెయ్యి మొత్తం రొమ్ము ఎముక కింద, పొట్ట పై భాగం మీద ఆనించి, బరువు పెట్టినట్టు ఉంటుందన్నారు. ఆయన్ని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి గుండె పరీక్ష చేయించుకోమన్నాను. శ్రమపడితే రావడం, ఆగితే తగ్గడం అనే లక్షణం డొక్క పోటుకి ఎంత సహజమో, గుండె రక్తనాళాలు ఇరుకైనప్పుడు వచ్చే యాంజైనాకీ అంతే సహజం. వేలితో చూపిస్తే మంచిది, అరచేత్తో చూపిస్తే గుండె అని తేల్చేసే పని కాదు. నలభై దాటినవాళ్ళకి, షుగరు, బీపీ, పొగ అలవాటు ఉన్నవాళ్ళకి శ్రమలో కొత్తగా ఇలాంటి నొప్పి మొదలైతే దాన్ని పోటు అనుకునే ముందు ఈసీజీతో మొదలుపెట్టాలి. నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చెమటలు పట్టినా, ఆగినా తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యం చేయకూడదు.

ఊపిరి మీద వేసిన నింద

గ్రౌండ్‌లో ఎవరినడిగినా చెప్పే కారణం ఒకటే: ఊపిరి సరిగ్గా తీయడం లేదు. దీని వెనక పాత సిద్ధాంతం ఒకటుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న కండరం డయాఫ్రమ్, స్కూలు పుస్తకాల్లో ఉదరవితానం. పరిగెత్తేటప్పుడు అది గబగబా పనిచేయాలి, రక్తమేమో కాళ్ళకి పోతుంది, రక్తం చాలక ఆ కండరం పట్టేస్తుంది అని 1940ల నుంచీ చెబుతూ వచ్చారు. వినడానికి బాగుంటుంది.

ఇది నిజమైతే పరుగు లేకపోయినా రొప్పు ఉంటే చాలు, పోటు రావాలి. అందుకని మావాడిని సైకిలెక్కించి కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగాలికి తొక్కించాను. పరుగులో ఎంత రొప్పుతాడో అంతకంటే ఎక్కువే రొప్పాడు. మాట్లాడమంటే ఒక్కో మాట విడివిడిగా వచ్చింది. తొడలు పట్టేశాయి గానీ డొక్కలో ఏమీ లేదు. తర్వాత మళ్ళీ తొక్కించినా అంతే.

ఈ పోటు మీద ఎక్కువగా పనిచేసింది ఆస్ట్రేలియాకి చెందిన డారెన్ మోర్టన్, రాబిన్ కాలిస్టర్ అనే పరిశోధకులు. 2000లో వాళ్ళు ఆరు రకాల ఆటలకి చెందిన 965 మందిని అడిగి ఒక లెక్క తీశారు. గడిచిన ఏడాదిలో పోటు వచ్చినవాళ్ళు ఈతగాళ్ళలో 75 శాతం, పరుగు తీసేవాళ్ళలో 69, గుర్రపు స్వారీ చేసేవాళ్ళలో 62, సైకిల్ తొక్కేవాళ్ళలో 32. మా కాలువ గట్టు ఫలితం ఈ ఆఖరి అంకెకి దగ్గరగానే ఉంది. నన్ను ఆపేసింది మాత్రం గుర్రపు స్వారీ. గుర్రం మీద కూర్చున్న మనిషికి రొప్పు అంతగా ఉండదు. అయినా పోటు దాదాపు పరుగువాళ్ళంతగా వస్తోందంటే ఊపిరి కండరానికి రక్తం చాలకపోవడం అనే కారణం నిలబడదు. తర్వాత 2006లో వీళ్ళిద్దరే పోటు వచ్చిన క్షణంలో ఊపిరి బలాన్ని యంత్రంతో కొలిచారు. డయాఫ్రమ్ నిజంగా పట్టేసి ఉంటే ఆ బలం తగ్గాలి. తగ్గలేదు.

గుర్రం సంగతి విన్నాక మావాడు రెండో కారణం వాడంతట వాడే చెప్పాడు: "అయితే కుదుపు మామా." అది కూడా పాతదే. కాలేయం ఒకటిన్నర కిలో దాకా బరువుంటుంది, డయాఫ్రమ్ కింద బంధనాల పట్టుతో ఉంటుంది. అడుగు పడ్డప్పుడల్లా అది కిందకి లాగి ఆ బంధనాలు నొప్పెడతాయి అంటారు. కాలేయం కుడివైపు ఉంది, పోటు కూడా కుడివైపే ఎక్కువ మందికి వస్తుంది, కడుపు నిండా తాగితే బరువు పెరిగి ఇంకా లాగుతుంది. అన్నీ అతికినట్టే ఉన్నాయి. కానీ ఈతగాళ్ళు? నీళ్ళలో బోర్లా పడుకున్న మనిషికి అడుగూ లేదు, కుదుపూ లేదు. అయినా పట్టికలో పైన ఉన్నది వాళ్ళే. ఈతలో ఉన్నది నడుము పై భాగాన్ని అటూ ఇటూ తిప్పడం. గుర్రం మీదా, పరుగులోనూ ఉన్నది అదే, మొండెం పదేపదే కదలడం. సైకిల్ మీద మాత్రం మొండెం దాదాపు కదలదు.

భుజం గడి నిండిన రోజు

శుక్రవారం. వరసగా వేగం పెంచుతూ పరిగెత్తించాను. మూడో రౌండు మలుపులో వాడు చెయ్యి డొక్క మీద కాకుండా కుడి భుజం చివర పెట్టుకున్నాడు. ఆపకుండా మలుపు దాటాడు గానీ తర్వాత నడకే. "డొక్కలో ఉంది, ఇక్కడ కూడా లాగుతోంది. నొక్కితే ఏం లేదు, లోపల ఎక్కడో ఉంది." నేను భుజం నొక్కి, చెయ్యి పైకి లేపించి, తిప్పించి చూశాను. కండరంలో నొప్పి లేదు, కీలు బాగానే తిరిగింది. డొక్కలో పోటు తగ్గేసరికి భుజంలోదీ పోయింది.

ఆ గడి గీసింది ఇందుకే. డయాఫ్రమ్ మధ్య భాగానికి, దాని కింద అంటుకుని ఉన్న పొరకి స్పర్శ తీసుకొచ్చే ఫ్రెనిక్ నాడి మెడలోంచి బయల్దేరుతుంది. భుజం కొనలోని చర్మానికి వెళ్ళే నాడులు కూడా మెడలో ఆ భాగం నుంచే వస్తాయి. అందుకని ఆ పొర దగ్గర మంట పుడితే మెదడు దాన్ని భుజంలో నొప్పిగా చదువుకుంటుంది. పొట్టలో రక్తస్రావమైనా, ల్యాపరోస్కోపీ ఆపరేషన్ తర్వాత గ్యాస్ మిగిలినా భుజం కొన లాగడం డాక్టర్లకి బాగా తెలిసిన సంగతి. పోటు వచ్చేవాళ్ళలో కొందరికి భుజం నొప్పి కూడా తోడు వస్తుందని మోర్టన్ వాళ్ళ సర్వేలోనూ తేలింది.

ఆ పొర పేరు పెరిటోనియం. రెండు పొరలుగా ఉంటుంది. లోపలిది పేగులని, కడుపుని, కాలేయాన్ని కప్పి ఉంటుంది. బయటిది పొట్ట గోడకీ, డయాఫ్రమ్ అడుగుకీ అంటుకుని ఉంటుంది. రెండింటి మధ్యా జారడానికి కొంచెం ద్రవం ఉంటుంది. వీటిలో నొప్పిని చోటుతో సహా చెప్పగలిగేది బయటి పొర. ఈ తేడా ఎంత గట్టిదో అపెండిసైటిస్ వచ్చినవాళ్ళని అడిగితే తెలుస్తుంది. మొదట బొడ్డు చుట్టూ ఎక్కడో తెలియని మందమైన నొప్పి, అది అవయవం నొప్పి. కొన్ని గంటల తర్వాత వాపు బయటి పొరని తాకగానే కుడివైపు కింద, వేలు పెట్టి చూపించగలిగేంత సూటిగా పొడుస్తుంది.

మావాడి పోటు కూడా వేలు పెట్టి చూపించే రకమే. పదునుగా ఉంటుంది, ఊపిరి లోతుగా తీస్తే పెరుగుతుంది, కదిలితే పెరుగుతుంది, ఆగితే పోతుంది. ఒక్కోసారి భుజానికి పాకుతుంది. ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే కండరం పట్టేయడం కంటే ఆ బయటి పొర రాపిడికి చిరాకు పడడమే దగ్గరగా కనిపిస్తుంది. ఇప్పుడున్న వివరణల్లో మోర్టన్, కాలిస్టర్ కూడా మొగ్గింది దీనివైపే. పూర్తిగా రుజువైంది అనను. పరిగెత్తే మనిషి పొట్టలోకి ఆ క్షణంలో ఎవరూ తొంగి చూడలేరు కదా.

నెమ్మదిస్తే ఎందుకు తగ్గుతుందో కూడా దీనితో తెలుస్తుంది. మొండెం కదలిక తగ్గుతుంది, ఊపిరి చిన్నదవడంతో డయాఫ్రమ్ పైకీ కిందకీ తిరిగే దూరం తగ్గుతుంది. రెండు పొరల మధ్య రాపిడి తగ్గితే రెచ్చిపోయిన నాడులు సద్దుమణగడానికి నిమిషాలు చాలు. బాగా గట్టిగా వచ్చినప్పుడు కొందరికి మర్నాటికి కూడా ఆ చోట నొక్కితే నొప్పిగా ఉంటుంది. మావాడికి ఆ శుక్రవారం తర్వాత శనివారం ఉంది.

గ్లూకోజ్ గ్లాసు

రాపిడే కారణమైతే కడుపు ఉబ్బి ఉన్నప్పుడు అది పెరగాలి. లోపలి అవయవాలు బయటి పొరకి మరింత ఒరుసుకుంటాయి. మావాడి నోట్‌బుక్‌లో తాగినవాటి గడి చూస్తే ఒకటి కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపించింది. పోటు గట్టిగా వచ్చిన రోజుల్లో గ్రౌండ్‌కి వచ్చే ముందు గ్లూకోజ్ నీళ్ళు ఉన్నాయి. "శక్తి కోసం" అని వాడుండే గదిలో కుర్రాళ్ళందరూ తాగుతారట.

ఎంత కలుపుతావో నా ముందు కలిపి చూపించమన్నాను. 250 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసులో పెద్ద చెంచాతో గోపురంలా నాలుగు వేశాడు. వంటింటి కాటా మీద పెడితే 50 గ్రాములు తూగింది. అంటే 20 శాతం ద్రావణం. ఆసుపత్రిలో ఎక్కించే డెక్స్ట్రోజ్ సీసా మీద 5 శాతం అని రాసి ఉంటుంది. అది ఇంచుమించు మన రక్తమంత చిక్కగా ఉండేలా ఎంచుకున్న అంకె. మావాడి గ్లాసు దానికి నాలుగు రెట్లు చిక్కన. అంత చిక్కటిది కడుపులోంచి కిందకి దిగడానికి ఆలస్యమవుతుంది. దిగాక కూడా పేగు దాన్ని పలచన చేయడానికి ఒంట్లోని నీటిని తన లోపలికి లాక్కుంటుంది. తాగింది రెండు గ్లాసులే అయినా పొట్టలో ఉండేది అంతకంటే ఎక్కువ, ఎక్కువసేపు.

పరీక్ష ఇలా పెట్టాను. పొద్దున అదే వేళ, ఒకే వార్మప్, ఒకే వేగం. వేగం మారకుండా ప్రతి 200 మీటర్ల గుర్తు దగ్గరా 55 సెకన్లకి విజిల్ వేశాను. విజిల్‌కి ముందు చేరితే ఆగాలి, వెనకబడితే అందుకోవాలి. ముందు రాత్రి భోజనం ఎనిమిదింటికి ముగించాలి. మార్చింది ఒక్కటే, పరుగుకి ఇరవై నిమిషాల ముందు తాగేది: కొన్నాళ్ళు ఏమీ లేదు, కొన్నాళ్ళు అర లీటరు మంచినీళ్ళు, కొన్నాళ్ళు అర లీటరు వాడి గ్లూకోజ్ నీళ్ళు.

గ్లూకోజ్ నీళ్ళ రోజుల్లో రెండో రౌండు అయ్యేలోపే పోటు. మొదటిసారి పదికి ఏడు వేశాడు, మూడో రౌండు మధ్యలో నడిచాడు. పొట్ట బిర్రుగా ఉందని, త్రేన్పులు వస్తున్నాయని కూడా రాసుకున్నాడు. మంచినీళ్ళ రోజుల్లో నాలుగో రౌండులో చిన్నగా, పదికి మూడు, పరుగు ఆగలేదు. ఏమీ తాగని రోజుల్లో దాదాపు లేదు. దాదాపు అంటున్నది ఎందుకంటే ఖాళీ కడుపుతో పరిగెత్తిన ఒక రోజు కూడా పోటు వచ్చింది, దాని సంగతి తర్వాత.

ఈ పరీక్షలో ఒక లోపం ఉంది, దాచడానికి లేదు. తీపో చప్పనో నాలుకకి తెలుస్తుంది. ఏం తాగాడో తెలిసిన మనిషి ఏం రాబోతోందో ఎదురుచూస్తూ పరిగెత్తుతాడు. అందుకే పదికి ఎంత అన్న మార్కుకంటే ఏ రౌండులో నడకలోకి దిగాడన్నదే నేను ఎక్కువ నమ్మాను. మోర్టన్ వాళ్ళు 2004లో ట్రెడ్‌మిల్ మీద పండ్ల రసం, స్పోర్ట్స్ డ్రింకు, రుచి కలిపిన నీళ్ళు పోల్చినప్పుడు కూడా పోటు ఎక్కువగా తెచ్చింది చిక్కటి పండ్ల రసమే. మనవాళ్ళు తాగే మామిడి డ్రింకు సీసాలు కూడా చిక్కటివే. తిండి విషయంలో మాత్రం వాళ్ళకి వేరేగా తేలింది. సిడ్నీలో ఏటా జరిగే 14 కిలోమీటర్ల సిటీ టు సర్ఫ్ పరుగులో పాల్గొన్నవాళ్ళని అడిగితే, పరుగుకి ముందు గంట రెండు గంటల్లో తమ ఒంటి బరువుతో పోలిస్తే ఎక్కువగా తిన్నవాళ్ళకి పోటు ఎక్కువగా వచ్చింది. ఏం తిన్నారన్నది తేడా చూపలేదు.

ఇక్కడ వాడికి నేను చెప్పింది ఒకటే. ఎనిమిది నిమిషాల పరుగుకి బయటనుంచి గ్లూకోజ్ అక్కర్లేదు. ముందు రాత్రి తిన్న అన్నం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది, ఇలాంటి పరుగులు ఎన్నో తీయడానికి అది సరిపోతుంది. "మరి గదిలో అందరూ తాగుతున్నారే" అన్నాడు. వాళ్ళలో ఎంతమందికి పోటు వస్తుందో అడిగి రమ్మన్నాను. అడిగొచ్చాడు, కానీ ఆ లెక్క ఇక్కడ రాయడం లేదు. అది పరీక్ష కాదు, కబురు.

ఖాళీ కడుపుతో వచ్చిన పోటు

ఆ రోజు విజిల్ లేదు. నేను ఆలస్యంగా వెళ్ళాను, వాడు ఇద్దరు స్నేహితులతో పోటీపడి మొదలుపెట్టాడు. మొదటి రౌండు 1:32కి తిరిగాడని వాళ్ళే చెప్పారు. నేను చేరేసరికి మూడో రౌండు. స్నేహితుడి ఫోన్లో తీసిన వీడియో తర్వాత నెమ్మదిగా తిప్పి చూశాం. మొదటి రౌండులో తల నిటారుగా, ఛాతీ విచ్చుకుని ఉంది. మూడో రౌండులో భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయి, పై వీపు గూనిలా వంగింది, అడుగు అడుగుకీ మొండెం పక్కలకి ఊగుతోంది. ఆ తర్వాతి సన్నివేశంలోనే చెయ్యి డొక్క మీదకి వెళ్ళింది.

వీపు వంపుకీ పోటుకీ సంబంధం ఉందని చెప్పడానికి రెండు ఆధారాలు ఉన్నాయి. పై వీపు ఎక్కువగా వంగి ఉండేవాళ్ళకి పోటు ఎక్కువని 2010లో ఒక అధ్యయనంలో తేలింది. అంతకు ముందు 2004లో, పోటు వచ్చే రన్నర్లకి వీపు మధ్య, దిగువ భాగంలోని వెన్నుపూసల పక్కన నొక్కితే కొందరికి అదే పోటు పొట్టలో తెలిసిందని రాశారు. పొట్ట గోడకి, దాని లోపలి పొరకి వెళ్ళే నాడులు ఆ వెన్నుపూసల మధ్య నుంచే బయటికొస్తాయి. కాబట్టి కొందరిలో నొప్పి మూలం పొట్టలో కాకుండా వీపులో కూడా ఉండొచ్చు. మావాడి వీపు నేను నొక్కి చూస్తే ఏమీ తెలియలేదన్నాడు. వాడి విషయంలో వీపు కంటే వేగమే ముందున్న కారణమని నా అభిప్రాయం: మొదటి రౌండు గుర్రంలా తీసి, మూడో రౌండుకి అలిసి, మొండెం మీద అదుపు పోతోంది.

అందుకని రెండు మార్పులు చేశాం. ఒకటి, ప్రతి రౌండూ 1:50 దగ్గర కట్టేయడం. నాలుగు రౌండ్లకి 7:20 అవుతుంది, చేతిలో 40 సెకన్లు మిగులుతాయి. రెండు, వారంలో కొన్ని రోజులు సాయంత్రం పొట్ట కండరాల పని. మోచేతుల మీద ప్లాంక్, పక్కకి తిరిగి ప్లాంక్, తర్వాత చుట్టిన దుప్పటి పై వీపు కింద అడ్డంగా పెట్టుకుని వెనక్కి వాలడం. పొట్టని పట్టీలా చుట్టి ఉండే లోపలి కండరం మందంగా ఉన్న రన్నర్లకి పోటు తక్కువసార్లు వస్తుందని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. కండరం బలపడితే పోటు పోతుందని మాత్రం దానర్థం కాదు. ఏళ్ళ తరబడి పరిగెత్తేవాళ్ళకి కూడా ఇది వస్తూనే ఉంటుంది, తరచుదనం తగ్గుతుందంతే. వయసు పెరిగేకొద్దీ తగ్గడం మాత్రం సర్వేలన్నిట్లోనూ కనిపిస్తుంది.

వచ్చాక ఏం చేయాలి

ఈవెంట్ రోజు పోటు రాదని హామీ లేదు. వస్తే ఆగకుండా ఏం చేయాలన్నది చివరి పరీక్ష. దీనికోసం కావాలని మంచినీళ్ళు అర లీటరు తాగించి పోటు తెప్పించాను. వాడు నన్ను తిట్టుకున్నాడు, పైకి అనలేదు.

న్యూజిలాండ్‌లో ప్లంకెట్, హాప్కిన్స్ అనేవాళ్ళు 1999లో ఇలాగే తాగించి పరిగెత్తించి, ఏది తగ్గిస్తుందో చూశారు. పొట్ట బిగించి ముందుకి వంగడం, నడుముకి వెడల్పాటి బెల్టు బిగించడం, ఊపిరితిత్తులు నిండుగా ఉంచి సగం మూసిన పెదాల మధ్య నుంచి గాలి వదలడం పనిచేశాయని రాశారు. మన గ్రౌండ్‌లో బెల్టు బిగించమన్న పెద్దమనిషి మాట గాల్లోంచి రాలేదన్నమాట. పిడికిట్లో రాయి గురించి మాత్రం నేనేమీ చెప్పలేను.

మావాడికి బాగా పనిచేసిన వరస ఇది. పోటు మొదలవుతోందని తెలియగానే, బాగా పెరిగేదాకా ఆగకుండా, వేగం కాస్త తగ్గించాలి. మూడు వేళ్ళు నొప్పి చోట లోపలికి, కొంచెం పైకి నొక్కి పట్టాలి. పొట్ట బిగించి నడుము దగ్గర నుంచి కొద్దిగా ముందుకి వంగాలి. నిండా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలాలి. ఇలా అర రౌండు పరిగెత్తాక వేళ్ళు తీసి మళ్ళీ నిటారు కావాలి. ఇందుకు పోయింది ఏడెనిమిది సెకన్లు. నడకలోకి దిగితే నిమిషం పోయేది. అందుకే ఆ 40 సెకన్ల మిగులు ముందే దాచుకున్నాం.

కుడివైపు పోటైతే ఎడమ కాలు నేలని తాకినప్పుడు ఊపిరి వదలమనే సలహా కూడా చూశాం. మామూలుగా మనిషి పరుగులో రెండు అంగలకి ఒక ఊపిరి చొప్పున కుదిరిపోతుంది, కాబట్టి వదిలేది ఎప్పుడూ ఒకే కాలు మీద పడే అవకాశం ఉంది. కాలు మార్చి చూడడంలో తప్పులేదు. మావాడికి ఒకసారి తగ్గింది, ఇంకోసారి తగ్గలేదు. లెక్కపెట్టుకోవడంలో పడి వేగం పాడుచేసుకున్నాడు కాబట్టి దాన్ని వదిలేశాం.

ఇప్పుడు ఎక్కడున్నాం

విజిల్ లేకుండా 1:50 రౌండ్లు వాడంతట వాడే తిరుగుతున్నాడు. మొన్న ఆదివారం 7:24. నాలుగో రౌండులో చిన్నగా పొడిచింది, వేళ్ళు పెట్టకుండానే పోయింది.

మిగిలిన చిక్కు ఈవెంట్ రోజుది. పొద్దున్నే రమ్మంటారు. సర్టిఫికెట్లు, ఎత్తు, ఛాతీ కొలతలు అయ్యాక బ్యాచ్‌లుగా వదులుతారు. మన బ్యాచ్ ఏడింటికి వస్తుందో పదకొండింటికి వస్తుందో తెలియదు. ఎండలో లైన్లో నిలబడి, ఆకలేసి అరటిపళ్ళు, దాహమేసి సీసా నీళ్ళు లాగించాక సరిగ్గా అప్పుడే పేరు పిలుస్తారు. అందుకని వాడికి రాసిచ్చింది ఇలా ఉంది: తెల్లవారుజామున నాలుగింటికి నాలుగు ఇడ్లీలు, కారప్పొడి తక్కువ. తర్వాత ఆలస్యమైతే గంటకి ఒక చిన్న అరటిపండు, అంతకుమించి వద్దు. నీళ్ళు సీసా ఎత్తకుండా, పావుగంటకి రెండు గుక్కలు. గ్లూకోజ్, కూల్‌డ్రింకు, డబ్బా జ్యూస్ పరుగయ్యేదాకా ముట్టుకోకూడదు. ముందు బ్యాచ్ గీత మీదకి వెళ్ళగానే వార్మప్ మొదలుపెట్టాలి.

వచ్చే ఆదివారం దీన్ని ఉత్తుత్తిగా నడిపి చూస్తాం. నాలుగింటికి తిని వస్తాడు, గ్రౌండ్‌లో నీడ లేని చోట నిలబెడతాను, ఎప్పుడు పరిగెత్తించేది ముందు చెప్పను. వాడి స్నేహితుల్లో ఎడమవైపు పోటు వచ్చేవాడు ఒకడు తనూ వస్తానన్నాడు, వాడికి వేరే పేజీ తెరిచాను.